సీమ చామంతి టీ, ఎకినేషియా, వయ్యారిభామ: చామంతి కుటుంబంలో అలర్జీలు ఎలా పాకుతాయి

కెమోమైల్ అని అమ్మే సీమ చామంతి టీ పెట్టెల మీద, ఎకినేషియా అనే మూలిక మాత్రల సీసాల మీద ‘డైసీ కుటుంబపు మొక్కలు పడనివారు వాడరాదు’ అనే అర్థం వచ్చే హెచ్చరిక తరచు కనిపిస్తుంది. చిక్కేమిటంటే, తనకు డైసీ కుటుంబపు అలర్జీ ఉందని తెలిసి ఆ పెట్టెను చేతిలోకి తీసుకునేవారు చాలా అరుదు. జనానికి తెలిసింది వేరు. వానలు తగ్గే కాలంలో తుమ్ములు మొదలవుతాయనో, పొలం గట్టున కలుపు తీస్తే మెడ మీద దురద పుడుతుందనో, అమెరికా వెళ్లాక సెప్టెంబరులో కళ్లు ఎర్రబడుతున్నాయనో చెబుతారు. ఈ ఇబ్బందులకూ ఆ హెచ్చరికకూ సంబంధం ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. అది తేలాలంటే అలర్జీ ఒక మొక్క నుంచి మరో మొక్కకు ఏ దారిన పాకుతుందో చూడాలి. ఆ దారి ఒకటి కాదు, రెండు. హెచ్చరిక రాసినవారు రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేశారు.

డైసీ కుటుంబమంటే వృక్షశాస్త్రంలో ఆస్టరేసి. తెలుగువారు దీన్ని చామంతి కుటుంబం అనుకుంటే సరిపోతుంది. ఇందులో 25 వేలకు పైగా జాతులున్నాయి. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, గుంటగలగర ఈ కుటుంబానివే. వినాయక చవితి పత్రిలో మొదట పేరు వినిపించే మాచిపత్రి, పూలమాలల్లో కట్టే దవనం, ఆయుర్వేద మందుల్లో పడే అక్కలకర్ర, చంగల్వకోష్టు కూడా దీనిలోనివే. రోడ్డు పక్కన అడుగడుగునా మొలిచే వయ్యారిభామ ఈ ఇంటి బిడ్డే. సీమ చామంతి, ఎకినేషియా, అమెరికాలో కలుపుగా మొలిచే రాగ్‌వీడ్, డాండెలియన్, కాఫీ పొడిలో కలిపే చికోరీ ఆ ఇంటి విదేశీ బంధువులు.

ఈ కుటుంబంలో మనం పువ్వు అని పిలిచేది నిజానికి ఒక పువ్వు కాదు. చామంతిని విడదీసి చూస్తే అంచున రేకులా కనిపించే ప్రతి తునకా ఒక పువ్వే, నడుమ బొడిపెలో కిక్కిరిసి ఉన్నవన్నీ కూడా చిన్న చిన్న పువ్వులే. సీమ చామంతి టీ కోసం ఎండబెట్టేది ఈ గుత్తినే. ఆకు టీలో లేనిది ఇందులో ఉన్నది పుప్పొడి. వేడినీళ్లలో ముంచిన సంచి నుంచి రంగూ వాసనా ఎలా దిగుతాయో, పుప్పొడి రేణువులూ వాటిలోని ప్రొటీన్లూ అలాగే కప్పులోకి దిగుతాయి. మొదటి దారి ఇక్కడ మొదలవుతుంది.

ఈ దారిలో జరిగేదేమిటో 1989లో స్పెయిన్ వైద్యులు ప్రచురించిన ఒక కేసు చక్కగా చూపుతుంది. ఎనిమిదేళ్ల బాలుడు. గడ్డి, ఆలివ్, మగ్‌వర్ట్ పుప్పొళ్లకు అప్పటికే ముక్కు అలర్జీ, ఉబ్బసం ఉన్నాయి. మగ్‌వర్ట్ అంటే మన మాచిపత్రికి అతి దగ్గరి చుట్టం, రెండూ ఆర్టిమీషియా ప్రజాతివే. ఆ పిల్లవాడు జీవితంలో మొదటిసారి సీమ చామంతి టీ తాగాడు, ఆ మొదటిసారే ఒళ్లంతా తిరగబడే తీవ్రమైన అలర్జీకి, అంటే అనఫిలాక్సిస్‌కు లోనయ్యాడు. అలర్జీ రావాలంటే శరీరం ఆ వస్తువును అంతకుముందు చూసి ఉండాలన్నది మూలసూత్రం. ముందెన్నడూ తాగని టీకి యాంటీబాడీలు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే వైద్యుల ముందున్న ప్రశ్న.

జవాబు కోసం వారు చేసిన పరీక్ష సులువుగా అర్థమయ్యేదే. బాలుడి రక్తరసంలో సీమ చామంతి టీకి అతుక్కునే, అలర్జీని రగిలించే ఐజీఈ రకం యాంటీబాడీలు ఉన్నాయని ముందు నిర్ధారించారు. తర్వాత అదే రక్తరసాన్ని మొదట మగ్‌వర్ట్ పుప్పొడి సారంతోనూ, రాగ్‌వీడ్ పుప్పొడి సారంతోనూ కలిపి చూశారు. ఆ పుప్పొళ్లు యాంటీబాడీలను ముందే పట్టేసుకుంటే, టీకి అతుక్కోవడానికి మిగిలేవి తగ్గిపోతాయి. తగ్గాయి కూడా. అంటే మగ్‌వర్ట్‌ను గుర్తుపట్టడానికి తయారైన యాంటీబాడీలే సీమ చామంతి పుప్పొడిని చూసి అదే అనుకున్నాయన్నమాట. బాలుడు టీకి కొత్తవాడే గానీ, అతని రక్తం ఆ ప్రొటీన్లకు పాతదే. క్రాస్ రియాక్షన్ అంటే ఇదే. మొదటిసారి తాగుతున్నాం కదా, ఏమీ కాదులే అన్న ధీమా ఈ విషయంలో పనికిరాదనడానికి ఈ కేసు గట్టి రుజువు.

వేడినీళ్లలో మరిగితే ప్రొటీన్లు పాడైపోవా అన్న సందేహం సహజం. కూరగాయలు, పండ్ల అలర్జీల్లో చాలావాటికి అది నిజమే. పచ్చి ఆపిల్ తింటే నోరు దురదపెట్టే వ్యక్తి ఉడికించిన ఆపిల్‌ను హాయిగా తినగలుగుతాడు. అయితే 2000లో ఆస్ట్రియా పరిశోధకులు సీమ చామంతికి అలర్జీ పరీక్షలో పాజిటివ్ వచ్చిన 14 మందిని పరిశీలించినప్పుడు, ఆ మొక్కలోని అలర్జీ కారక ప్రొటీన్లు వేడికి తట్టుకుంటున్నట్లు తేలింది. ఆ 14 మందిలో పదిమందికి సీమ చామంతి వల్ల వెంటనే అలర్జీ లక్షణాలు వచ్చిన చరిత్ర ఉంది. 11 మందికి మగ్‌వర్ట్ పుప్పొడి పట్ల కూడా యాంటీబాడీలున్నాయి.

అదే పరిశీలనలో ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ 14 మందిలో ఎనిమిది మందికి బిర్చ్ చెట్టు పుప్పొడి కూడా పడదు. బిర్చ్‌కూ చామంతి కుటుంబానికీ ఏ బంధుత్వమూ లేదు. కానీ బిర్చ్ పుప్పొడిలో ఉండే ప్రధాన అలర్జీ ప్రొటీన్‌ను పోలినది ఒకటి సీమ చామంతిలోనూ ఉంది. సెలెరీ దుంప, సోంపును పోలిన అనీస్ గింజల సారాలు కూడా సీమ చామంతికి అతుక్కునే యాంటీబాడీలను కొంతమేర అడ్డుకున్నాయి. యాంటీబాడీ చూసేది ప్రొటీన్ ఆకారాన్ని మాత్రమే, మొక్క ఇంటిపేరును కాదు. అందుకే ఒకే కుటుంబంలో ఉన్నంత మాత్రాన ప్రతి మొక్కా ప్రమాదకరం కాదు, కుటుంబం వేరైనంత మాత్రాన ప్రతిదీ క్షేమమూ కాదు. పెట్టె మీది హెచ్చరిక వృక్షశాస్త్రాన్ని నమ్ముకుంది, అలర్జీ మాత్రం రసాయనశాస్త్రం ప్రకారం నడుస్తుంది.

వృక్షశాస్త్రం బొత్తిగా పనికిరాదనీ కాదు. ఈ పెద్ద కుటుంబం లోపల తెగలున్నాయి. సీమ చామంతి, చామంతి, మగ్‌వర్ట్, మాచిపత్రి, దవనం ఒక తెగకు చెందుతాయి. పొద్దుతిరుగుడు, ఎకినేషియా, రాగ్‌వీడ్, వయ్యారిభామ ఇంకో తెగవి. చికోరీ, డాండెలియన్, లెట్యూస్ మరో తెగ. ఒక తెగ లోపల పోలికలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, ఎవరికైనా ఏది పడదో తెలిస్తే, దేన్ని ముందు అనుమానించాలో ఈ విభజన ఒక అంచనా ఇస్తుంది. అంచనా మాత్రమే, ఎందుకంటే పైన చూసిన బాలుడి యాంటీబాడీలు ఒక తెగ మగ్‌వర్ట్‌తోనే గాక ఇంకో తెగ రాగ్‌వీడ్‌తోనూ కలిశాయి.

ఒంట్లో ఏ చోట తగులుతుందన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. యూరప్‌లో కళ్లు మండితే చల్లార్చిన సీమ చామంతి టీతో కడుక్కోవడం పాత ఇంటి వైద్యం. అలా కడుక్కున్నాక కళ్లు ఇంకా ఎర్రబడి, కొందరికి రెప్పలు కూడా వాచిన ఏడుగురు పుప్పొడి అలర్జీ రోగుల గురించి 1990లో స్పెయిన్ వైద్యులే రాశారు. కంట్లో ఆ టీ చుక్క వేసి చూస్తే అందరికీ లక్షణాలు వచ్చాయి. అదే టీ తాగించి చూస్తే ఎవరికీ రాలేదు. కంటి పొర నేరుగా పుప్పొడిని తాకుతుంది, కడుపులోకి వెళ్లినదానికి ముందు జీర్ణరసాలు తగులుతాయి. కాబట్టి ‘నేను రోజూ తాగుతాను, నాకేమీ కాదు’ అనేవారు సైతం అదే నీటితో కళ్లు కడుక్కోవడం తెలివైన పని కాదు. పుప్పొడి వల్ల కళ్లు దురదపెడుతున్నప్పుడు పుప్పొడి నీళ్లతో కడుక్కోవడంలోని వైపరీత్యం ఎవరికైనా తట్టాలి గానీ, ఇంటి వైద్యం అనేసరికి తట్టదు.

ఎకినేషియా సంగతి కొంచెం వేరు. జలుబు చేయకుండా కాపాడుతుందని అమ్మే మూలిక ఇది. మందులో మొక్క వేరు ఉందా, పువ్వుతో సహా పైభాగమంతా ఉందా అన్నది ఉత్పత్తిని బట్టి మారుతుంది. పువ్వు ఉన్నచోట పుప్పొడి ఉండే అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియాలో 1998లో నమోదైన ఒక కేసులో, అలర్జీ స్వభావమున్న ఒక మహిళ ఇతర పోషక మాత్రలతో పాటు ఎకినేషియా ద్రవసారం తీసుకున్నాక అనఫిలాక్సిస్‌కు గురయ్యారు. చర్మ పరీక్షలోనూ రక్త పరీక్షలోనూ ఎకినేషియాపై ఐజీఈ ఉన్నట్లు రుజువైంది. ఆ తర్వాత అలర్జీ స్వభావమున్న ఇతరులకు అదే చర్మ పరీక్ష చేస్తే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి పాజిటివ్ వచ్చింది. వారిలో ఎకినేషియా ఎన్నడూ వాడనివారే అత్యధికులు.

ఈ చివరి ముక్కను రెండు విధాలుగా చదవవచ్చు, రెండూ అవసరమే. ఒకటి, వాడకుండానే యాంటీబాడీలు ఉన్నాయంటే అవి మరో పుప్పొడి ఇచ్చినవే. రెండు, పాజిటివ్ వచ్చిన ప్రతివారూ ఎకినేషియా తీసుకుంటే కుప్పకూలిపోతారని దీని అర్థం కాదు. పుప్పొళ్లలోని ప్రొటీన్లకు అంటుకుని ఉండే కొన్ని చక్కెర గొలుసులు ఎన్నో మొక్కల్లో ఒకేలా ఉంటాయి. వాటికి తయారైన యాంటీబాడీలు రక్త పరీక్షలో పాజిటివ్ చూపిస్తాయి గానీ శరీరంలో ఏ గొడవా చేయవు. పరీక్ష పాజిటివ్ కావడం వేరు, జబ్బు ఉండడం వేరు. అయినా మొదటి మోతాదుకే తీవ్ర ప్రతిచర్య రాగలదన్న కారణంతో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2012లో 12 ఏళ్లలోపు పిల్లలకు ఎకినేషియా ఇవ్వవద్దని సూచించింది. జలుబుకు ఆ మూలిక చేసే మేలు అంతంతమాత్రమే కనుక ఆ నిర్ణయం సబబుగానే తోస్తుంది.

ఇప్పుడు వయ్యారిభామ దగ్గరకు రావాలి, ఎందుకంటే తెలుగునాట చామంతి కుటుంబపు అలర్జీ అంటే మొదట చెప్పుకోవలసింది దాని గురించే. 1950లలో పుణె ప్రాంతంలో గుర్తించిన ఈ కలుపు, దిగుమతైన గోధుమలతో వచ్చిందని చెబుతారు. అది ఇప్పుడు దేశమంతటా ఉంది. దీని పుప్పొడి ముక్కు అలర్జీకి కారణమవుతుందని బెంగళూరు పరిశోధకులు చూపారు. 1993లో వెలువడిన వారి మరో అధ్యయనం వయ్యారిభామ, రాగ్‌వీడ్ పుప్పొళ్ల మధ్య బలమైన క్రాస్ రియాక్షన్ ఉందని తేల్చింది. ఒకదానికి అలర్జీ ఉన్న రోగి రెండోది పెరిగే దేశానికి వెళితే అక్కడా జబ్బు పడవచ్చని వారు హెచ్చరించారు. వయ్యారిభామ మధ్య పెరిగి, అమెరికాలో స్థిరపడి, అక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రాగ్‌వీడ్ పూసే కాలంలో తుమ్ములతో సతమతమయ్యే తెలుగువారికి ఈ వాక్యం నేరుగా వర్తిస్తుంది. కొత్త దేశంలో కొత్తగా పుట్టిన జబ్బనుకున్నది, ఊళ్లో మొదలైనదానికి కొనసాగింపు కావచ్చు. అలాంటివారే రాత్రి నిద్ర పట్టడానికని సీమ చామంతి టీ కొనుక్కుంటే, కప్పు తాగిన కొద్ది నిమిషాల్లో పెదవులు, నాలుక, గొంతు దురదపెడుతున్నాయేమో గమనించుకోవాలి. రాగ్‌వీడ్ కాలంలో ఆ దురద ఎక్కువై, శీతాకాలంలో తగ్గితే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇంతవరకూ చెప్పింది పుప్పొడి ప్రొటీన్ల కథ. వయ్యారిభామ తెచ్చే రెండో జబ్బు పూర్తిగా వేరు, మొదట చెప్పుకున్న రెండో దారి ఇదే. దాని ఆకుల మీది సన్నని నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది ప్రొటీన్ కాదు, సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే రసాయన వర్గానికి చెందిన చిన్న అణువు. చర్మంలోని ప్రొటీన్లకు అంటుకుని, టి-సెల్స్ అనే రక్షణ కణాలను రెచ్చగొడుతుంది. ఇందులో ఐజీఈ పాత్ర లేదు, నిమిషాల్లో వచ్చే దద్దుర్లూ లేవు. తగిలిన ఒకటి నుంచి మూడు రోజులకు ఎర్రబడి, పొక్కి, దురదపెట్టే ఎగ్జిమా వస్తుంది. మొక్క ఎండి పొడై గాలిలో ఎగురుతుంది కనుక ముట్టుకోకపోయినా వస్తుంది. కనురెప్పలు, మెడ మడతలు, మోచేతి ముడతలు దీనికి ఇష్టమైన చోట్లు. పొలంలో పనిచేసే నడివయసు రైతుకు ఏటా వేసవిలోనూ వానల్లోనూ ముఖం, మెడ నల్లబడి మందమై, చలికాలంలో కాస్త తెరిపి ఇస్తుందంటే చర్మవైద్యులు మొదట అడిగేది వయ్యారిభామ గురించే.

ఈ లాక్టోన్లు ఒక్క వయ్యారిభామలోనే లేవు. చామంతి, మరులమాతంగి, చంగల్వకోష్టు వంటి వాటిలో దగ్గరి చుట్టాలున్నాయి. అందువల్ల వయ్యారిభామ ఎగ్జిమా ఉన్నవారిలో కొందరికి పూజకు చామంతులు తుంపినా, మాల కట్టినా వేళ్లు పగులుతాయి. చంగల్వకోష్టు వేసిన తైలం రాసినా మంట పుట్టవచ్చు. మరి వారు సీమ చామంతి టీ తాగవచ్చా? టీలో వాడే అసలైన సీమ చామంతిలో బలమైన లాక్టోన్లు చాలా తక్కువ. దాన్నే పోలిన ఆంథెమిస్ కోటులా అనే కలుపు పువ్వులు అందులో కలిస్తే మాత్రం ఆంథెకోటులైడ్ అనే గట్టి అలర్జీ కారకం చేరుతుంది. సీమ చామంతి వల్ల వచ్చిందనుకున్న పాత చర్మ కేసుల్లో కొన్నింటికి ఈ కల్తీయే కారణమన్న వాదనలో పస ఉంది. అయినా టీ తాగినప్పుడల్లా ముఖం మీద ఎగ్జిమా తిరగబెట్టిన కేసు 2003లో అచ్చయింది. కనుక ముఖం మీది ఎగ్జిమా ఎన్ని పూతలకూ లొంగనప్పుడు కప్పులో ఏముందో అడగడం దండగ కాదు.

రెండు జబ్బులనూ విడదీసే మొదటి సాధనం గడియారం. తాగిన లేదా తాకిన కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, పిల్లికూతలు వస్తే అది ఐజీఈ దారి. మర్నాడో, ఆ మర్నాడో చర్మం పొక్కితే అది లాక్టోన్ల దారి. పరీక్షలూ వేరే. మొదటిదానికి ముంజేతి మీద చేసే ప్రిక్ టెస్ట్, రక్తంలో ఐజీఈ పరీక్ష. ప్రిక్ టెస్ట్ ఫలితం 15-20 నిమిషాల్లో తెలుస్తుంది. సెట్రిజిన్ వంటి మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపకపోతే తప్పుగా నెగటివ్ వస్తుంది. రెండోదానికి వీపు మీద పట్టీలంటించే ప్యాచ్ టెస్ట్. పట్టీలు రెండు రోజులు ఉంచి, తీసిన రోజు ఒకసారి, ఆ తర్వాత మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. మన దేశంలో వాడే ప్రామాణిక ప్యాచ్ సిరీస్‌లో వయ్యారిభామ ఉంటుంది. రోగి ఇంటి నుంచి తెచ్చిన ఆకును నేరుగా వీపుకు కట్టడం మంచిది కాదు, దానివల్లనే కొత్తగా అలర్జీ పుట్టవచ్చు. చాలాసార్లు జరిగే పొరపాటు, రైతు మెడ మీది ఎగ్జిమాకు రక్తంలో ఐజీఈ పరీక్ష చేయించి, నెగటివ్ రాగానే అలర్జీ కాదని పంపేయడం. అడిగిన ప్రశ్న ఒకటి, చేసిన పరీక్ష మరొకటి.

సీమ చామంతి మీద అనుమానమున్నవారు ప్రిక్ టెస్ట్‌కు తాము వాడే టీ పెట్టెనే వెంట తీసుకెళ్లడం మేలు. మార్కెట్‌లో ‘హెర్బల్ టీ’ అన్న పేరు కింద సీమ చామంతి, డాండెలియన్, ఎకినేషియా, సోంపు, పుదీనా కలగలిసి ఉంటాయి. పేరు మీద ‘అల్లం-నిమ్మ’ అని ఉన్న టీలో కూడా అడుగున చిన్న అక్షరాల్లో సీమ చామంతి కనిపించవచ్చు. పువ్వులూ పుప్పొడీ లేని పుదీనా, అల్లం, తులసి ఆకుల టీలు ఈ కుటుంబానికి చెందవు. తేనెటీగలు సేకరించిన పుప్పొడిని పోషకంగా అమ్మే గుళికలు మాత్రం టీ కన్నా ప్రమాదం, ఎందుకంటే అవి అచ్చంగా పుప్పొడి ముద్దలే. అవి తిని తీవ్రంగా జబ్బుపడిన పుప్పొడి అలర్జీ రోగుల కేసులున్నాయి. ఫిల్టర్ కాఫీలోని చికోరీ గురించి కంగారు పడనక్కర లేదు. అది వేరు, అదీ బాగా వేయించినది, అందులో పుప్పొడి ఉండదు. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా తాగుతున్న కాఫీని కుటుంబం పేరు చూసి మానేయడం అనవసరపు శిక్ష.

అదే తర్కంతో, పరీక్ష పాజిటివ్ వచ్చినా ఇంతకాలం సీమ చామంతి టీని హాయిగా తాగుతున్న వ్యక్తి మానాలా వద్దా అన్నది వైద్యుడితో మాట్లాడి తేల్చుకోవాలి. ఒకసారైనా గొంతు బిగిసినట్లు అనిపించినవారు, ఉబ్బసం అదుపులో లేనివారు మాత్రం ఇంట్లో ‘ఒక గుక్క తాగి చూద్దాం’ అనే ప్రయోగం చేయకూడదు. అలాంటి పరీక్ష అడ్రినలిన్ చేతికందే ఆసుపత్రిలో, కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ జరగాలి. టీ తాగాక దద్దుర్లతో పాటు ఆయాసమో, కళ్లు తిరగడమో వస్తే, మొదటి మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ మాత్ర దద్దుర్లను తగ్గిస్తుంది గానీ గొంతు వాపును, పడిపోతున్న రక్తపోటును ఆపలేదు. తెలుగు రాష్ట్రాల్లో 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని నిలబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి. టీ పెట్టెను పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళితే, ఏ పువ్వు కారణమో తర్వాత తేల్చడానికి అదే ఆధారమవుతుంది.